వ్యాసం తర్వాత ఏడు నిమిషాలు



పూర్వ విద్యార్థులు ఈ స్మారక నిధిని ఎవరి పేరిట నెలకొల్పారో ఆ మాస్టారు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పారు. దిద్దిన వ్యాసాల కట్ట ఆయన ఒక్కసారిగా పంచేసేవారు కాదు. ఒక్కొక్కరినీ స్టాఫ్ రూముకు పిలిచి, వాళ్లు రాసిన ఒక వాక్యం మీద వేలు పెట్టి, "ఇది ఎలా అన్నావో చెప్పు" అనేవారు. ఆ తర్వాతే కాగితం చేతికిచ్చేవారు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ పద్ధతి గురించే. ఇంటర్నల్స్ కోసం విద్యార్థి రాసిచ్చిన వ్యాసం అతనికి అర్థమై రాసిందేనా అని తెలుసుకోవడానికి ఐదు నుంచి ఏడు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడటం ఎలా చేయాలి, ఎక్కడ పాడవుతుంది, దాని మీద ఎంతవరకు ఆధారపడవచ్చు అన్నదే నా విషయం.

మన కాలేజీల్లో నోటి పరీక్ష కొత్తేమీ కాదు. సైన్సు ప్రాక్టికల్స్‌లో వైవా ఉంది, ఎం.ఏ. చివర్లో ఉంది, పీహెచ్.డీ.కి తప్పనిసరి. కానీ డిగ్రీ స్థాయిలో హ్యుమానిటీస్ పిల్లవాడు రాసిన వ్యాసం గురించి ఎవరూ అతన్ని ఏమీ అడగరు. దీనికి చరిత్రలో ఒక కారణం ఉంది. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు 1857లో ఏర్పడినప్పుడు లండన్ విశ్వవిద్యాలయాన్ని నమూనాగా తీసుకున్నారు. ఆనాటి లండన్ విశ్వవిద్యాలయం ప్రధానంగా పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే సంస్థ, పాఠాలు కాలేజీల్లో జరిగేవి. ఆ ఏర్పాటే మనకు వచ్చింది. రాజమండ్రిలోనో బళ్లారిలోనో చదివిన పిల్లవాడి జవాబు పత్రం, అతని ముఖం ఎన్నడూ చూడని పరీక్షకుడి దగ్గరికి వెళ్లేది. దూరాన ఉన్న పరీక్షకుడికి కాగితం తప్ప మరో ఆధారం లేదు. అదే ఆక్స్‌ఫర్డ్‌లో ట్యుటోరియల్ పద్ధతి వేరుగా నడిచింది. విద్యార్థి వారం వారం వ్యాసం రాసుకొచ్చి ట్యూటర్ ముందు పైకి చదివేవాడు, ట్యూటర్ మధ్యలో ఆపి అడిగేవాడు. ఇంటర్నల్స్ వచ్చాక మన పరిస్థితీ మారింది. రాసినవాడు, దిద్దేవాడు ఒకే భవనంలో ఉన్నారు. అయినా దూరాన ఉన్న పరీక్షకుడిలాగే మనం కాగితాన్ని మాత్రమే దిద్దుతున్నాం.

కాగితం ఎందుకు చాలదో అందరికీ తెలుసు. కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌తో సహా ప్రాజెక్టు దొరుకుతుంది. సీనియర్ రాసింది చేతులు మారుతుంది. ఇవి ఉన్న మాట నిజమే. కానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. తన చేత్తో తానే కూర్చుని నిజాయితీగా రాసిన పిల్లవాడికి కూడా తాను రాసింది అర్థమై ఉండకపోవచ్చు. గైడులోని వాక్యం పాఠ్యపుస్తకంలోని వాక్యం పక్కన పెట్టి, మధ్యలో "అందువల్ల" అని చేరిస్తే పేరా తయారవుతుంది. ఆ "అందువల్ల"కు అతని దగ్గర కారణం ఉండదు. లేదని అతనికీ తెలియదు. 2002లో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని చక్కగా చూపించారు. జిప్ లాంటి రోజువారీ వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసు అని ముందు మనుషుల్ని అడిగారు, వాళ్లు తమకు తామే మార్కులు వేసుకున్నారు. తర్వాత అంచెలంచెలుగా వివరించమన్నారు. వివరించాక మళ్లీ వేసుకోమంటే మార్కులు తగ్గాయి. తెలుసనుకున్నది తెలియదని వివరించే పని మొదలుపెట్టాకే వాళ్లకు తెలిసింది. వ్యాసం తర్వాతి సంభాషణ విద్యార్థికి ఇచ్చేది సరిగ్గా ఆ అవకాశమే. కాబట్టి "నువ్వే రాశావా?" అన్న ప్రశ్నను మొదటే పక్కన పెట్టాలని నా గట్టి నమ్మకం. ఏడు నిమిషాల మాటలతో అది తేలదు కూడా. తేలగలిగేది, "ఈ వ్యాసంలోని ఆలోచన ఇప్పుడు నీ దగ్గర ఉందా?" అన్నది.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. బి.ఏ. మూడో సంవత్సరం, ఇంగ్లీషు మీడియం. విషయం ధవళేశ్వరం ఆనకట్ట, గోదావరి డెల్టా మీద దాని ప్రభావం. కోనసీమ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఐదు పేజీలు ఇచ్చింది. ఇంగ్లీషు ఎంత నునుపుగా ఉందంటే, చదివిన సహోద్యోగి ఒకాయన అనుమానంగా కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లారు. వ్యాసం సారాంశం ఇది: 1833 ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టాడు. నీటిమట్టం పెరిగి కాలువలకు నీళ్లు వచ్చాయి, అందువల్ల డెల్టాలో కరువు అంతమైంది.

పిలిచేముందు వ్యాసాన్ని మళ్లీ చదివి రెండు చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. నీటిమట్టం పెరగడం ఒకటి, కరువు అంతమవడం రెండోది. మొత్తం వ్యాసం ఈ రెండింటి మీదే నిలబడింది, మిగిలినవి పేర్లూ తేదీలూ. ఏ వాక్యం పడిపోతే వ్యాసమే పడిపోతుందో వెతికి, దాని మీదే ప్రశ్న వేయాలి. "ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయింది?" అని అడిగితే జ్ఞాపకం తెలుస్తుంది, అంతే. "నీ వ్యాసం గురించి చెప్పు" అంటే ఇంకా నష్టం. బట్టీ పట్టిన సారాంశం రెండు నిమిషాలు ధారగా వస్తుంది, మనం తలూపుతాం, సమయం అయిపోతుంది.

ఆమె వచ్చి కూర్చుంది. కాగితం ఆమె ముందే పెట్టాను. ఇది జ్ఞాపకశక్తి పరీక్ష కాదు కాబట్టి వ్యాసం ఎదురుగా ఉండాల్సిందే. "తెలుగులోనే మాట్లాడుకుందాం అమ్మా" అన్నాను. ఇది మన రాష్ట్రాల్లో చిన్న విషయం కాదు, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. "నీటిమట్టం పెరిగిందని రాశావు. అంటే నీళ్లు నిల్వ చేస్తుందా ఈ ఆనకట్ట, నాగార్జున సాగర్‌లాగా?"

ఆమె కాసేపు ఆగింది. "లేదు సర్. నిల్వ కాదు. నది కిందకి ఉంటుంది, కాలువ మూతి పైకి ఉంటుంది. గోడ అడ్డం పెడితే నీళ్లు కాలువ మూతి దాకా లేస్తాయి. మిగతావి గోడ మీంచి దాటిపోతాయి." వ్యాసంలో ఈ మాటలు లేవు. అందులో ఉన్నది అందమైన ఒక ఇంగ్లీషు పదబంధం మాత్రమే. "అయితే ఎండాకాలం గోదావరిలో నీళ్లు లేకపోతే?" "కాలువలోనూ ఉండవు సర్. మా నాన్న దాళ్వా వేసేటప్పుడు సీలేరు నీళ్లు వదులుతారా లేదా అని చూస్తారు. మాది శివారు పొలం. సార్వాకి ఆ ఇబ్బంది లేదు, వరద ఉంటుంది కదా." ఆనకట్టకూ జలాశయానికీ ఉన్న తేడా, ఆ తేడా వల్ల రెండో పంటకు వచ్చే చిక్కు, ఇవి గైడు నుంచి వచ్చిన మాటలు కావు. ఆమెకు ఆ సంగతి పొలం గట్టు మీద తెలిసింది. అది వ్యాసంలో రాయదగిన విషయమని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇక షరతు మార్చి చూశాను. "పాపికొండల దగ్గర నది ఇరుకు కదా. గోడ పొడవు తగ్గేది. కాటన్ అక్కడెందుకు కట్టలేదు?" ఈ ప్రశ్నకు జవాబు ఆమె చదివిన పుస్తకంలో లేదు. రాసింది అర్థమైతే మాత్రం తనంతట తాను ఆలోచించుకోగలదు. ఈసారి ఎక్కువసేపు ఆగింది. "అక్కడ నుంచి కాలువ తవ్వితే డెల్టా దాకా చాలా దూరం సర్. డెల్టా మొదలయ్యేది ధవళేశ్వరం దగ్గరే." మళ్లీ ఆగి, "పైగా ఇరుకులో వరద ఎత్తుగా వస్తుంది. ఇక్కడ నది వెడల్పు కాబట్టి గోడ మీంచి పల్చగా పోతుంది అనుకుంటా. కానీ సర్, ఇప్పుడు పోలవరం అక్కడే కడుతున్నారు కదా?" అని నన్నే అడిగింది. పోలవరం నిల్వ కోసం కడుతున్నదని, పని వేరైతే చోటూ వేరవుతుందని రెండు మాటల్లో చెప్పాను. లంకల మధ్యగా నాలుగు ముక్కలుగా కట్టడానికీ ఈ వెడల్పే కారణమని ఆమె అక్కడికక్కడే చెప్పింది. ఇసుక పునాది మీద కట్టే విద్యను కాటన్ కావేరి డెల్టాలో, కొల్లిడం దగ్గర చేసిన పనుల్లో నేర్చాడన్నది ఆమెకు తెలియదు. అది నేను అడగనూ లేదు. వ్యాసంలో లేనిది తెలియలేదని తప్పుపట్టే పని ఇది కాదు.

రెండో గీత దగ్గర పరిస్థితి మారింది. "కరువు అంతమైందని రాశావు. ఎలా అన్నావు?" "ఆనకట్ట వచ్చింది కాబట్టి సర్." "1833 కరువు ఎక్కువగా ఏ ప్రాంతాన్ని తుడిచిపెట్టింది?" "గుంటూరు." "గుంటూరు ఏ నది పక్కన?" ఆమె ముఖంలో వెంటనే తెలిసిపోయింది. నందన నామ సంవత్సరంలో వచ్చిన ఆ కరువును గుంటూరు కరువనే అంటారు. రాజమండ్రి ప్రాంతమూ బాధపడింది గానీ, ఘోరంలో ఎక్కువ భాగం కృష్ణకు దక్షిణాన జరిగింది. ఆ నేలకు నీళ్లిచ్చింది 1855లో బెజవాడలో పూర్తయిన కృష్ణా ఆనకట్ట. గోదావరి గోడ గుంటూరు కరువును ఆపలేదు. ఆ పేరాలోని "అందువల్ల" ఆమెది కాదు, పుస్తకానిది.

అక్కడితో సున్నా వేసి పంపేయవచ్చు. అలా చేస్తే సంభాషణలో సగం పోతుంది. ప్రశ్నను కాస్త దగ్గరికి జరిపి అడిగాను: "సరే, ఆనకట్ట వల్ల డెల్టాలో కరువు తగ్గిందని నాకు నిరూపించాలంటే ఏం చూపిస్తావు?" చాలాసేపటికి అంది: "ఆనకట్ట కట్టాక వచ్చిన పెద్ద కరువు చూడాలి సర్. 1876లో వచ్చింది కదా. అప్పుడు డెల్టా ఎలా ఉంది, కాలువ లేని జిల్లాలు ఎలా ఉన్నాయి అని చూడాలి." ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయని, డెల్టా ఆ స్థాయిలో దెబ్బతినలేదని ఆమె చదవలేదు. కానీ తన వాక్యం నిలబడాలంటే ఏ ఆధారం కావాలో, దాన్ని ఎక్కడ వెతకాలో చెప్పింది. నా లెక్కలో ఇది జవాబు తెలియడం కంటే పెద్ద విషయం.

మొత్తం ఏడు నిమిషాలు పట్టింది. అనుమానించిన సహోద్యోగికి నేను చెప్పగలిగింది ఇదే: ఇంగ్లీషు ఎవరిదో నాకు తెలియదు. నీటి సంగతి ఆమెదే, వ్యాసంలో ఉన్నదానికంటే ఎక్కువే తెలుసు. కరువు సంగతి ఆమెది కాదు, కానీ ఆమెది చేసుకోగలదు. కాగితం మీద ఈ రెండు పేరాలూ ఒకేలా మెరుస్తున్నాయి. విడదీసింది సంభాషణే.

నమోదు గురించి ఒక మాట. మాట్లాడుతున్నప్పుడే ప్రతి గీత పక్కన మూడింటిలో ఒక గుర్తు పెట్టాలి: తానే చెప్పింది, ప్రశ్న సులువు చేశాక చెప్పింది, అప్పుడూ చెప్పలేకపోయింది. దాని పక్కన విద్యార్థి అన్న ఒక మాట యథాతథంగా రాసుకోవాలి. సాయంత్రానికి మనకు గుర్తుండేది పిల్లవాడి ధోరణి మాత్రమే, జవాబు గుర్తుండదు. ఇరవై మార్కుల వ్యాసమైతే పన్నెండు రాతకు, ఎనిమిది మాటకు ఉంచడం నాకు సరిగ్గా కుదిరింది. మాటకు మార్కులే లేకపోతే ఎవరూ పట్టించుకోరు. సగానికి మించితే కష్టపడి రాయడానికి విలువ పోతుంది.

ఇక పాడయ్యే తీరు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ధారాళతను అవగాహనగా పొరబడటం. చెప్పే తీరు బాగున్న పిల్లవాడు తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే చెబుతాడు. నత్తి ఉన్నవాడు, బెదిరినవాడు, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాడు తెలిసినదాన్ని కూడా మింగేస్తాడు. దీనికి నాకు తెలిసిన మందు రెండే. ఒకటి, ఆగడం. మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల్ని గమనించి, ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను కూడా సరిగా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగానూ కారణాలతోనూ వస్తున్నాయని చూపించారు. అది పాఠం మధ్యలో. వ్యాసం మీద వేసే ప్రశ్నకు పది సెకన్లయినా ఇవ్వాలి. ఎదురుగా కూర్చున్న మనకు ఆ పది సెకన్లు చాలా పొడవుగా అనిపిస్తాయి, నోరు తెరిచి సాయం చేయాలనిపిస్తుంది. చేయకూడదు. రెండోది, మాట రానివాడి చేతికి పెన్సిలు ఇవ్వడం. నదిని, గోడను, కాలువ మూతిని గీసి చూపించమంటే, నోరు విప్పని పిల్లలు కూడా చకచకా గీస్తారు. నత్తి ఉన్న విద్యార్థికి ప్రశ్నలు కాగితం మీద ఇచ్చి అక్కడే నాలుగు వాక్యాలు రాయమన్నా పని జరుగుతుంది.

భాష విషయానికి వస్తాను. మన పిల్లలు ఇంగ్లీషులో రాసి తెలుగులో ఆలోచిస్తారు. ఇంగ్లీషులోనే జవాబు చెప్పమంటే మనం కొలిచేది ఇంగ్లీషును, విషయాన్ని కాదు. తెలుగులో అడిగితే ఇంకో లాభం కూడా ఉంది. అరువు పదబంధం తెలుగులోకి రాదు. కాలువ మూతి, మురుగు కాలువ, బోదె, శివారు అనే మాటల్లో చెప్పగలిగితే వస్తువు కళ్లకు కట్టినట్టే లెక్క. చెప్పలేక ఇంగ్లీషు పదం దగ్గరికే మళ్లీ మళ్లీ పరుగెత్తితే, ఆ పదం వెనుక ఏముందో అడగాల్సిన చోటు అదే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే విద్యార్థికి, గోండి మాట్లాడే విద్యార్థికి తెలుగూ రెండో భాషే అని మాత్రం మరవకూడదు. వాళ్లకు ఏ భాష హాయిగా ఉంటుందో ముందే అడగాలి.

సమయం గురించి అందరూ అడుగుతారు. అరవైమంది తరగతి, తలకు ఏడు నిమిషాలు, గుర్తులు రాసుకోవడానికి రెండు. తొమ్మిది గంటలు. రెండు వారాల్లో ఖాళీ పీరియడ్లలో పంచితే రోజుకు గంట లోపే. అదీ కుదరని చోట లాటరీ తీసి మూడో వంతు మందిని పిలవవచ్చు. అయితే ఎవరి పేరైనా రావచ్చని సెమిస్టరు మొదట్లోనే అందరికీ చెప్పాలి, అనుమానం ఉన్నవాళ్లను మాత్రమే ఏరి పిలవకూడదు. అలా పిలిస్తే అది విచారణ అయిపోతుంది, కూర్చున్న పిల్లవాడు ముద్దాయిలా మాట్లాడతాడు. వ్యాసం ఇచ్చిన వారం లోపే జరగాలి. నెల గడిస్తే తానే రాసినవాడు కూడా మరిచిపోతాడు, ఆ మరపును మనం అవగాహన లేకపోవడంగా రాసుకుంటాం. ప్రశ్నలు బయటికి పొక్కుతాయన్న భయం అక్కర్లేదు. ఎవరి వ్యాసం నుంచి వాళ్ల ప్రశ్న వస్తుంది. ఆ అమ్మాయిని అడిగిన గుంటూరు ప్రశ్న, గుంటూరు ఊసెత్తని పిల్లవాడికి పనికిరాదు.

మన ప్రాక్టికల్ వైవాల్లో చాలాచోట్ల జరిగేది ఇక్కడ జరగకూడదు. ఎక్స్‌టర్నల్ గారు రికార్డు తిరగేసి, ఒక నిర్వచనం అడిగి, సంతకం పెడతారు. మార్కులు అప్పటికే నిర్ణయమై ఉంటాయి. వ్యాసం మళ్లీ చదివి గీతలు పెట్టుకునే మూడు నిమిషాలు అధ్యాపకుడు వెచ్చించకపోతే, ఈ పద్ధతి రెండో సెమిస్టరుకే ఆ గతికి వస్తుంది. అప్పుడు దాన్ని ఆపేయడమే మంచిది.

దీని పరిమితి కూడా దాచను. వ్యాసం కొనుక్కుని, నాలుగు రోజులు దాని మీద కూర్చుని, ప్రతి వాక్యానికీ కారణం వెతుక్కుని వచ్చిన పిల్లవాడు ఈ ఏడు నిమిషాలు సులువుగా దాటేస్తాడు. అతని మోసం మనకు దొరకదు. ఆనకట్ట ఎలా పనిచేస్తుందో అతనికి తెలుసన్నది మాత్రం నిజం. నేను కొలవదలచుకున్నది అదే కాబట్టి ఈ లోపంతో సర్దుకోగలను. రాత నేర్పడమే ధ్యేయమైన పేపర్లో, తెలుగు విభాగంలో వ్యాసరచన పేపర్లో అయితే, ఇది చాలదు. అక్కడ తరగతిలో కూర్చోబెట్టి రాయించాల్సిందే.

చెప్పలేకపోయిన విద్యార్థిని ఏం చేయాలన్నది ఇక మిగిలింది. గుర్తు చూపించి, ఏ వాక్యం దగ్గర ఆగిపోయాడో చెప్పి, పది రోజులు ఇవ్వాలి. వ్యాసమంతా మళ్లీ రాయనక్కర్లేదు, ఆ ఒక్క పేరా చాలు. ఆ అమ్మాయి కరువు పేరా తిరగరాసి తెచ్చింది. "అంతమైంది" అన్న మాట తీసేసింది. 1876 నుంచి 78 దాకా గోదావరి జిల్లాను కర్నూలు పక్కన పెట్టింది. గుంటూరును ఆ పేరాలోంచి తీసి, కృష్ణా ఆనకట్ట గురించి వేరే వాక్యం రాసింది. దాళ్వా గురించి, శివారు పొలం గురించి ఒక కొత్త పేరా చేర్చింది. ఇంగ్లీషు మునుపటంత నునుపుగా లేదు. రెండోసారి కూర్చున్నప్పుడు ఆ కొత్త పేరా మీదే గీత పెట్టి, "మీ శివారుకు నీళ్లు ఆలస్యంగా రావడానికి ఆనకట్ట కారణమా, కాలువ కారణమా?" అని అడిగాను. మొదటిసారి ఆగినంతసేపు ఆమె ఈసారి ఆగలేదు.